ఏడు టేబుళ్లు, తొంభై సెకన్లు: చిన్న షెడ్డులో అసెంబ్లీ లైన్‌ను బ్యాలెన్స్ చేయడం ఎలా

గుంటూరు ఆటోనగర్‌లో బ్యాటరీ స్ప్రేయర్లు, అంటే మిర్చికీ పత్తికీ మందు కొట్టే వీపు పంపులు బిగించే షెడ్డు ఒకటి ఉందనుకుందాం. ట్యాంకు, మోటారు, బ్యాటరీ, పైపులు అన్నీ బయటి నుంచి వస్తాయి. ఇక్కడ జరిగేది బిగింపు, టెస్టింగ్, ప్యాకింగ్ మాత్రమే. వరుసగా ఎనిమిది టేబుళ్లు, ఎనిమిది మంది మనుషులు. రోజుకు 270 పంపులు కావాలని యజమాని అడుగుతాడు. సాయంత్రానికి లెక్కపెడితే 245 దాటవు. మూడో టేబుల్ ముందు సగం బిగించిన పంపులు గుట్టపడి ఉంటాయి, నాలుగో టేబుల్ దగ్గర మనిషి చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంటాడు. సూపర్‌వైజర్ వెళ్లి మూడో టేబుల్ అమ్మాయిని తొందరపెడతాడు. ‘‘నా ముందు ఇన్నేసి పెట్టి నన్నే అంటే ఎలాగండీ’’ అంటుంది ఆ అమ్మాయి. ఆమె అన్నది నిజమే.

ఇంకో మనిషిని పెట్టాలన్నదే ఎవరికైనా ముందు తట్టే ఆలోచన. ఈ షెడ్డులో మాత్రం ఎనిమిది టేబుళ్లకు బదులు ఏడింటితోనే 270 తీయవచ్చు. దాని లెక్క మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం. కాగితం, పెన్సిల్, ఫోన్‌లోని స్టాప్‌వాచ్ ఉంటే చాలు. ఇక్కడ ఇచ్చిన సెకన్లు ఉదాహరణ కోసం వేసుకున్నవి. మీ షెడ్డుకు మీరు కొలిచిన సెకన్లు వేసుకోవాలి.

ముందు పనిని ముక్కలు చేయండి

‘వైరింగ్ సెక్షన్’, ‘ఫిట్టింగ్ సెక్షన్’ అని రాసుకుంటే లెక్క కదలదు. పనిని ఎక్కడ ఆపి పక్క మనిషికి ఇవ్వగలమో అక్కడే కోయాలి. పంపును బేస్‌కు నాలుగు స్క్రూలతో బిగించడం ఒక ముక్క. రెండు స్క్రూలు ఒకరు, రెండు స్క్రూలు ఇంకొకరు అంటే మళ్లీ చేతిలోకి తీసుకోవడం, డ్రైవర్ అందుకోవడం రెండుసార్లు జరుగుతాయి. మొత్తం టైం పెరుగుతుంది. కాబట్టి ముక్క మరీ చిన్నదైనా నష్టమే.

టైం తీసేటప్పుడు ఒక్కో ముక్కను కనీసం పదిహేను ఇరవై సార్లు కొలవండి. ఒకసారి చూసి రాసేది అంచనా మాత్రమే. చెయ్యి బాగా తిరిగిన మనిషి టైం తీసుకుని దాన్నే అందరికీ లెక్కగా పెడితే లైన్ మొదటి రోజే కుంటుతుంది. మామూలు వేగానికి సరిచేసుకోవాలి. స్క్రూ కింద పడింది, వాషర్ దొరకలేదు లాంటివి వచ్చిన రీడింగులను కొట్టేయకండి, పక్కన విడిగా రాసుకోండి. అవి ఎంత తరచుగా వస్తున్నాయో తర్వాత పనికొస్తుంది.

చాలామంది తప్పేది ఇంకో చోట. అలసటకు, చిన్న విరామాలకు అని ప్రతి పని టైం మీద కొంత శాతం కలుపుతారు. తర్వాత రోజు మొత్తం టైంలోంచి టీ బ్రేకులు కూడా తీసేస్తారు. అలా టీ బ్రేకును రెండుసార్లు లెక్కేసినట్టవుతుంది. టీ, భోజనం లాంటి గంట కొట్టి ఇచ్చే విరామాలను షిఫ్టు టైంలోంచి మాత్రమే తీయండి. పని టైంలో కలిపేది అలసట, మంచినీళ్లకు లేవడం వరకే.

మన పంపుకు వచ్చిన పదమూడు పనులు, వాటి సెకన్లు, ఏది అయ్యాక ఏది చేయాలో ఇదిగో:

| పని | సెకన్లు | దీనికి ముందు అయిపోవాల్సినవి |
|---|---|---|
| ట్యాంకు తుడిచి అవుట్‌లెట్ బిగించడం | 40 | ఏమీ లేదు |
| మోటారు పంపును బేస్‌కు బిగించడం | 50 | ఏమీ లేదు |
| ప్యానెల్‌లో స్విచ్, రెగ్యులేటర్, చార్జింగ్ సాకెట్ | 55 | ఏమీ లేదు |
| వైరింగ్ | 45 | పంపు, ప్యానెల్ |
| బ్యాటరీ పెట్టి కలపడం | 35 | వైరింగ్ |
| సక్షన్ పైపు | 30 | ట్యాంకు, పంపు |
| బేస్‌ను ట్యాంకుకు బిగించడం | 60 | బ్యాటరీ, సక్షన్ పైపు |
| డెలివరీ పైపు | 25 | బేస్ బిగింపు |
| లాన్స్, ట్రిగ్గర్, నాజిల్ జోడించడం | 50 | ఏమీ లేదు |
| నీళ్లు పోసి టెస్టింగ్ | 80 | డెలివరీ పైపు, లాన్స్ |
| భుజం బెల్టులు | 40 | బేస్ బిగింపు |
| జల్లెడ, మూత, స్టిక్కర్ | 30 | టెస్టింగ్ |
| ప్యాకింగ్ | 60 | బెల్టులు, మూత |

మొత్తం 600 సెకన్లు. ఒక్క మనిషే అన్నీ చేస్తే పంపుకు పది నిమిషాలన్నమాట.

మూడో గడిని తొందరపడి నింపకండి. లైన్‌లో ఇప్పుడు ఏ వరుసలో జరుగుతోందో అదే రాసేస్తే, అలవాటు కూడా నియమంలా కూర్చుంటుంది. ఒక్కో జతకు ‘ఇది ముందు చేయకపోతే రెండోది చేయడం కుదరదా, లేక మనం అలా చేస్తున్నామా’ అని అడగాలి. బ్యాటరీని వైరింగ్ తర్వాతే కలపాలనడానికి కారణం ఉంది. కరెంటు ఉన్న వైర్ల మీద పని చేస్తే షార్ట్ అవుతుంది. స్టిక్కర్ టెస్టింగ్ తర్వాతే అనడానికీ కారణం ఉంది, నీళ్లు తగిలితే ఊడిపోతుంది. బెల్టులు టెస్టింగ్ తర్వాతే వేయాలన్నది మాత్రం ఉత్త అలవాటే. బేస్ బిగిస్తే చాలు, బెల్టులు ఎప్పుడైనా వేయవచ్చు. ఈ ఒక్క అలవాటును పక్కన పెట్టడం వల్లే తర్వాత ఒక టేబుల్ నిండుతుంది.

సైకిల్ టైం: ఎన్ని సెకన్లకు ఒక పంపు బయటికి రావాలి

ఉదయం 9 నుంచి సాయంత్రం 5.30 దాకా 510 నిమిషాలు. భోజనానికి 30, రెండు టీలకు 20, పొద్దున సామాను సర్దడానికి, సాయంత్రం ఊడవడానికి కలిపి 10 తీసేస్తే 450 నిమిషాలు మిగులుతాయి. అంటే 27,000 సెకన్లు. కావాల్సినవి 270.

```
27000 / 270 = 100 సెకన్లు
```

ప్రతి 100 సెకన్లకు ఒక పంపు లైన్ చివర నుంచి దిగాలి. ఏ టేబుల్ దగ్గరా పని ఈ 100 దాటకూడదు.

కనీసం ఎన్ని టేబుళ్లు కావాలో కూడా ఇక్కడే తెలుస్తుంది. మొత్తం పని 600, సైకిల్ టైం 100. భాగిస్తే 6. మామూలుగా ఈ భాగహారంలో భిన్నం వస్తుంది, దాన్ని పైఅంకెకు పెంచుతాం. ఇక్కడ సరిగ్గా 6 రావడంతో ‘ఆరుగురు చాలు’ అని యజమాని కళ్లు మెరుస్తాయి. కానీ ఆరుగురు చాలాలంటే ఆరు టేబుళ్లూ సరిగ్గా 100, 100 నిండాలి. టెస్టింగ్ 80 సెకన్లు. దానికి జతగా 20 సెకన్ల పని కావాలి. జాబితాలో అన్నిటికన్నా చిన్న పనే 25. కాబట్టి ఆరు కుదరదు, ఇంకా వెతకనక్కర్లేదు. ఈ భాగహారం ఇచ్చే అంకె ‘ఇంతకన్నా తక్కువ అసాధ్యం’ అని మాత్రమే చెబుతుంది. ‘ఇంతతో అవుతుంది’ అని ఎప్పుడూ చెప్పదు.

ఏడు టేబుళ్లు అనుకుంటే సగటున టేబుల్‌కు 86 సెకన్ల లోపే పడుతుంది. అందుకని పనులు పంచేటప్పుడు హద్దును 100 దగ్గర కాకుండా 90 దగ్గర పెట్టుకుందాం. మనం రాసుకున్న సెకన్లన్నీ సగటులు. 100 సెకన్ల సగటు పని ఉన్న టేబుల్ దాదాపు సగం సార్లు 100 దాటుతుంది. దాటిన ప్రతిసారీ తర్వాతి మనిషి ఆగుతాడు. ఆ టేబుల్ మనిషి ఇంకోసారి తొందరగా ముగించినా పోయిన టైం వెనక్కి రాదు, ఎందుకంటే వెనక నుంచి తర్వాతి పంపు ఇంకా రాలేదు. పది శాతం ఖాళీ ఉంటే చిన్నచిన్న ఆలస్యాలు అక్కడికక్కడే సర్దుకుంటాయి. ఏ పనికైనా పది శాతమే సరైనదని కాదు. స్క్రూలు, క్లిప్పులు లాంటి చేతిపనికి సరిపోతుంది. మెషిన్ నడిపించే పనికి ఇంకా తక్కువ చాలు, గమ్ము ఆరాల్సిన పనికి ఇంకా ఎక్కువ కావాలి.

ఏ పనిని ముందు పంచాలి

పదమూడు పనులను ఏడు టేబుళ్లకు పంచే మార్గాలు లెక్కలేనన్ని. అన్నీ చూసి అత్యుత్తమమైనది తేల్చడం కంప్యూటర్లకు కూడా పనుల సంఖ్య పెరిగేకొద్దీ కష్టమయ్యే లెక్క. చేత్తో చేసుకోవడానికి 1961లో హెల్గెసన్, బర్నీ ఒక పద్ధతి ఇచ్చారు. దాన్ని ర్యాంక్డ్ పొజిషనల్ వెయిట్ అంటారు. ఇప్పటికీ చిన్న లైన్లకు నేను మొదట పట్టుకునేది ఇదే.

దీని ఆలోచన తేలికైనది. ప్రతి పనికి ఒక బరువు వేస్తాం. ఆ పని టైం, ఆ పని అయ్యేదాకా ఆగాల్సిన పనులన్నిటి టైం కలిపితే వచ్చేది ఆ బరువు. ఎవరి వెనక ఎక్కువ పని క్యూలో ఉందో వాళ్లను ముందు పంపాలన్నమాట.

బేస్ బిగింపునే తీసుకోండి. దాని టైం 60. దాని కోసం ఆగేవి డెలివరీ పైపు 25, బెల్టులు 40, టెస్టింగ్ 80, మూత 30, ప్యాకింగ్ 60. కలిపితే 295. ప్యాకింగ్ దగ్గరికి రెండు దారులున్నాయి, బెల్టుల వైపు నుంచి ఒకటి, మూత వైపు నుంచి ఒకటి. అయినా దాన్ని ఒక్కసారే కలపాలి. చేత్తో లెక్క వేసేవాళ్లు ఇక్కడే రెండుసార్లు కలిపి బరువులన్నీ పాడుచేసుకుంటారు. వెనక ఉన్న పనుల పేర్లు ముందు ఒక చోట రాసుకుని, తర్వాత టైం కలిపితే ఈ గొడవ ఉండదు.

అలా అన్నిటికీ వేస్తే పెద్ద బరువు నుంచి చిన్న బరువుకు వరుస ఇలా వస్తుంది: మోటారు పంపు 455, ప్యానెల్ 430, వైరింగ్ 375, ట్యాంకు 365, బ్యాటరీ 330, సక్షన్ పైపు 325, బేస్ బిగింపు 295, లాన్స్ 220, డెలివరీ పైపు 195, టెస్టింగ్ 170, బెల్టులు 100, మూత 90, ప్యాకింగ్ 60.

పంపకం

నియమం ఒక్కటే. వరుసలో పైనుంచి కిందికి చూస్తూ, ముందు కావాల్సినవన్నీ అయిపోయి, టేబుల్‌లో మిగిలిన టైంలో పట్టే మొదటి పనిని ఆ టేబుల్‌కు ఇవ్వాలి. ఏదీ పట్టనప్పుడు కొత్త టేబుల్ తెరవాలి. ఒక పని పట్టలేదని అక్కడే ఆగిపోకూడదు. కిందికి దిగి చూస్తే చిన్నది ఏదో పట్టవచ్చు.

మొదటి టేబుల్‌కు మోటారు పంపు బిగింపు వెళ్తుంది, 50. ఇంకా 40 మిగిలింది. తర్వాతిది ప్యానెల్, 55, పట్టదు. వైరింగ్‌కు ప్యానెల్ కావాలి, అది ఇంకా కాలేదు. ట్యాంకు 40, సరిగ్గా పట్టింది. టేబుల్ 90కి నిండింది.

రెండో టేబుల్‌కు ప్యానెల్, 55. మిగిలింది 35. వైరింగ్ 45, పట్టదు. బ్యాటరీ 35 టైం ప్రకారం పడుతుంది కానీ వైరింగ్ కాకుండా కుదరదు. సక్షన్ పైపు 30, దానికి కావాల్సిన ట్యాంకు, పంపు రెండూ మొదటి టేబుల్‌లోనే అయ్యాయి. పెట్టేశాం, 85.

మూడో టేబుల్‌కు వైరింగ్, బ్యాటరీ. 80. మిగిలిన పదిలో పట్టేది ఏదీ లేదు.

నాలుగో టేబుల్‌కు బేస్ బిగింపు 60. లాన్స్ 50 పట్టదు, డెలివరీ పైపు 25 పట్టింది. 85.

ఐదో టేబుల్‌కు లాన్స్ 50. మిగిలింది 40. టెస్టింగ్ పట్టదు. బెల్టులు 40 సరిగ్గా పడతాయి, బేస్ బిగింపు ముందు టేబుల్‌లోనే అయింది కాబట్టి. బెల్టులను టెస్టింగ్ తర్వాతే వేయాలనే పాత అలవాటును నియమంగా రాసుకుని ఉంటే ఇక్కడ 40 సెకన్లు ఖాళీగా మిగిలేవి, ఎనిమిదో టేబుల్ కావలసి వచ్చేది.

ఆరో టేబుల్‌లో టెస్టింగ్ ఒక్కటే, 80. ఏడో టేబుల్‌లో మూత, ప్యాకింగ్ కలిసి 90.

పంపకం అయ్యాక రెండు పరీక్షలు చేయండి. టేబుళ్ల మొత్తాలు కలిపితే 90, 85, 80, 85, 90, 80, 90, అంటే 600 రావాలి. రాకపోతే ఏదో పని వదిలేశారు, లేదా రెండుసార్లు ఇచ్చారు. తర్వాత పట్టికలోని మూడో గడిలో ఉన్న ప్రతి జతా ముందు టేబుల్ నుంచి తర్వాతి టేబుల్ వైపే వెళ్తోందా, కనీసం ఒకే టేబుల్‌లో ఉందా చూడండి. ఒక్క పంపు కూడా లైన్‌లో వెనక్కి నడవకూడదు.

ఎఫిషియెన్సీ: కింద ఏ సైకిల్ టైం వేశారు?

లైన్ ఎఫిషియెన్సీ అంటే మొత్తం పని టైంను, టేబుళ్ల సంఖ్యను సైకిల్ టైంతో గుణించి వచ్చిన దానితో భాగించడం. ముందు పాత లైన్ చూద్దాం. అక్కడ ఎనిమిది టేబుళ్లలో పని ఇలా పడి ఉంది: ట్యాంకు, పంపు కలిపి 90, ప్యానెల్ 55, వైరింగ్, బ్యాటరీ, సక్షన్ పైపు కలిపి 110, బేస్ బిగింపు 60, డెలివరీ పైపు, లాన్స్ 75, టెస్టింగ్ 80, బెల్టులు, మూత 70, ప్యాకింగ్ 60.

లైన్ మొత్తం మూడో టేబుల్ వేగంతోనే నడుస్తుంది. 27,000ను 110తో భాగిస్తే 245. రోజూ అక్కడే ఎందుకు ఆగుతోందో ఇప్పుడు కనిపిస్తుంది. ముందున్న రెండు టేబుళ్ల నుంచి 90 సెకన్లకొకటి వచ్చి పడుతోంది, అందుకే గుట్ట. తర్వాతున్న బేస్ టేబుల్ 60లో ముగించి 50 సెకన్లు ఎదురుచూస్తోంది, అందుకే ఖాళీ. ఆ అమ్మాయిని ఎంత తొందరపెట్టినా 110 సెకన్ల పని 100 కాదు.

```
పాత లైన్ : 600 / (8 × 110) = 68.2%
కొత్త లైన్ : 600 / (7 × 90)  = 95.2%
కొత్త లైన్ : 600 / (7 × 100) = 85.7%
```

కొత్త లైన్‌కు రెండు అంకెలున్నాయి. రెండూ సరైనవే, కానీ చెప్పేవి వేరు. అన్నిటికన్నా బరువైన టేబుల్ టైం, అంటే 90 వేస్తే వచ్చే 95.2, పని ఎంత సమంగా పంచామో చెబుతుంది. లైన్ నిజంగా నడవబోయే 100 వేస్తే వచ్చే 85.7, మనం జీతం ఇచ్చే సెకన్లలో ఎంత పనిగా మారుతుందో చెబుతుంది. 100లోంచి దీన్ని తీసేస్తే వచ్చే 14.3 శాతాన్ని బ్యాలెన్స్ డిలే అంటారు. ప్రతి పంపుకు ఏడుగురి దగ్గరా కలిపి 100 సెకన్లు ఖాళీ అన్నమాట. ఈ ఖాళీ మనం తెలిసి పెట్టుకున్నది.

‘68 నుంచి 95కు తెచ్చాం’ అని గోడకు రాసేవాళ్లున్నారు. పాత లైన్‌కు బరువైన టేబుల్ టైం వేశాం కాబట్టి పంపకాన్ని పోల్చాలంటే 95.2తోనే పోల్చాలి, అంతవరకు సరే. కానీ యజమానికి రోజు ఉత్పత్తి, ఖర్చు లెక్క చెప్పేటప్పుడు 85.7 చెప్పండి. 95 విన్న యజమాని ‘అయితే రోజుకు 300 తీయవచ్చు కదా’ అంటాడు. 90 సెకన్లకొకటి అంటే కాగితం మీద 300 నిజమే. మనం దాచుకున్న పది శాతమంతా ఆ మాటతోనే పోతుంది.

ఎక్సెల్‌లో వేసుకునేవాళ్లకు: పని టైంలు B2 నుంచి B14 దాకా, టేబుల్ మొత్తాలు E2 నుంచి E8 దాకా ఉంటే పంపకం ఎఫిషియెన్సీకి ఈ ఒక్క వరుస చాలు. టైం మారిస్తే అంకె తానే మారుతుంది.

```
=SUM(B2:B14)/(COUNT(E2:E8)*MAX(E2:E8))
```

ఎనిమిదో మనిషి

లైన్ ఏడుగురికి కుదిరింది కదా అని ఎనిమిదో మనిషిని పంపేస్తే, తర్వాత మీరు స్టాప్‌వాచ్ పట్టుకుని వస్తున్నారంటే అందరి చేతులూ నెమ్మదిస్తాయి. పంపకూడదనడానికి అది ఒక కారణం. అసలు కారణం, ఆ మనిషి అవసరం నిజంగానే ఉంది. స్క్రూల ట్రేలు నింపాలి, అట్టపెట్టెలు ముందే మడిచి పెట్టాలి, ఎవరైనా లేచి వెళ్తే ఆ టేబుల్ దగ్గర నిలబడాలి. ఇవేవీ మన 600 సెకన్లలో లేవు. ఇప్పటిదాకా టేబుళ్ల దగ్గరి వాళ్లే లేచి చేసుకునేవారు, అప్పుడు లైన్ ఆగేది. ఏడు టేబుళ్ల పనులూ వచ్చిన మనిషిని, వీలైతే అందరిలో పాతవాళ్లను, ఈ స్థానంలో పెట్టండి.

అన్నిటికన్నా ఎక్కువగా ఈ మనిషి అవసరం పడేది టెస్టింగ్ దగ్గర.

టెస్టింగ్ టేబుల్ లెక్క వేరు

టెస్టింగ్‌లో ట్యాంకులో నీళ్లు పోసి, స్విచ్ వేసి, ట్రిగ్గర్ నొక్కి పొగమంచులా నీరు వస్తోందా చూస్తారు. ట్రిగ్గర్ వదలగానే ప్రెషర్ పెరిగి మోటారు దానంతటదే ఆగాలి. ఆగకపోతే ప్రెషర్ స్విచ్ పని చేయడం లేదు. మోటారు ఆగి, వెంటనే మళ్లీ తిరిగి, మళ్లీ ఆగుతూ ఉంటే ఎక్కడో సన్నగా లీకవుతోంది, ప్రెషర్ నిలబడడం లేదు. ఎక్కువసార్లు అది క్లిప్పు సరిగ్గా కూర్చోని పైపు దగ్గరే.

ఇప్పుడు ఇరవైకి ఒక పంపు లీకైందనుకుందాం. దాన్ని బాగుచేసి మళ్లీ టెస్ట్ చేయాలి. మళ్లీ చేసే టెస్ట్ 80 సెకన్లను ఇరవై పంపులకు పంచితే 4. సగటు 84 అయింది, ఇంకా హద్దులోనే ఉంది. రిపేరు కూడా అదే టేబుల్ దగ్గర చేస్తే, దానికి మూడు నిమిషాలు పట్టిందనుకోండి, ఇంకో 9 కలిసి 93. సగటున 100 లోపే ఉందిగా అనిపిస్తుంది. కానీ ఆ మూడు నిమిషాలు ఇరవై పంపుల మీద నిజంగా చెదిరిపోవు. ఒకే పంపు మీద ఒకేసారి పడతాయి. అంతసేపూ టెస్టింగ్‌కు ముందున్న ఐదు టేబుళ్లు ఆగుతాయి, తర్వాతున్న ప్యాకింగ్ ఖాళీగా ఉంటుంది.

అందుకే లీకైన పంపును టెస్టింగ్ టేబుల్ మీద ఉంచకూడదు. ఎర్ర రిబ్బను కట్టి పక్కన దించాలి. ఎనిమిదో మనిషి దాన్ని విడిగా బాగుచేసి తిరిగి వరుసలో పెడతాడు. టెస్టింగ్‌కు ముందు రెండు మూడు పంపులు ఆగేంత చోటు, వెనక కూడా అంతే చోటు ఉంచండి. మిగతా టేబుళ్ల మధ్య ఒక్కటి చాలు. పంపకంలో టెస్టింగ్ 80 దగ్గరే ఆగి పది సెకన్ల ఖాళీ మిగలడం మన అదృష్టం. మిగలకపోయినా నేను కావాలని అక్కడ మిగిల్చేవాడిని.

ఇంకొక షరతు ఈ లెక్కల్లో ఎక్కడా కనిపించదు. టెస్టింగ్‌కు కుళాయి, నీళ్లు పోయే కాలువ కావాలి. బ్యాటరీలు తడవకూడదు. కాబట్టి ఆరో టేబుల్ ఎక్కడుండాలో షెడ్డు గోడలు నిర్ణయిస్తాయి. పొడవు చాలకపోతే లైన్‌ను యూ ఆకారంలో వంచి, టెస్టింగ్‌ను కుళాయి వైపు, వైరింగ్‌ను ఎదురు వైపు వచ్చేలా తిప్పుకోండి. పంపకం మారదు.

నడిపించాక చూడాల్సింది

మొదటి రోజు గంటకోసారి బోర్డు మీద అంకె రాయించండి. 100 సెకన్లకొకటి అంటే గంటకు 36. 36 వస్తే చెయ్యి పెట్టకండి. 32, 33 వస్తుంటే అంకెల వైపు కాదు, టేబుళ్ల మధ్య చోటు వైపు చూడండి. ఎక్కడ పోగవుతోందో దాని తర్వాతి టేబుల్ నిజంగా 100 దాటుతోంది. ఆ ఒక్క టేబుల్‌నే మళ్లీ ఇరవైసార్లు కొలవండి. పోగు ఉదయం ఒక చోట, మధ్యాహ్నం ఇంకో చోట వస్తుంటే అది పంపకం తప్పు కాదు. సామాను అందడం లేదు, లేదా మనిషి మారాడు. మే నెలలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం రెండు దాటాక అన్ని టేబుళ్లూ కలిసి నెమ్మదిస్తే దానికి బ్యాలెన్సింగ్ మందు కాదు, ఫ్యాన్లు కావాలి.

రెండు మూడు వారాలకు చేతులు అలవాటుపడి టైంలు తగ్గుతాయి. అన్నీ ఒకేలా తగ్గవు. స్క్రూ పని బాగా తగ్గుతుంది, టెస్టింగ్ తగ్గదు, ఎందుకంటే నీళ్లు నిండే టైం, ప్రెషర్ ఎక్కే టైం మనిషి చేతిలో లేవు. అప్పుడు టైంలు మళ్లీ తీసి, బరువులు మళ్లీ వేయండి.

సీజన్లో 360 అడిగితే

వానలు పడి మిర్చి నాట్లు మొదలయ్యాక డీలర్లు రోజుకు 360 కావాలంటారు. 27,000ను 360తో భాగిస్తే 75 సెకన్లు. టెస్టింగ్ ఒక్కటే 80. ఒక పని సైకిల్ టైంనే దాటిపోతే ఎంత బాగా పంచినా ప్రయోజనం లేదు. టెస్టింగ్‌కు రెండు టేబుళ్లు పక్కపక్కన పెట్టాలి. వరుసగా వచ్చే పంపులను ఒకటి ఇటు, ఒకటి అటు పంపాలి. అప్పుడు ఒక్కో టెస్టింగ్ మనిషికి 150 సెకన్లు దొరుకుతాయి, టెస్టింగ్‌తో పాటు మూత పని కూడా వాళ్లే చేయగలరు. మిగతా టేబుళ్లు కూడా 75 లోపు రావాలి కాబట్టి పంపకం మొత్తం మొదటి నుంచి వేయాలి. 600ను 75తో భాగిస్తే కనీసం 8 వస్తుంది. అయితే మన పనుల్లో చాలావరకు 40 నుంచి 60 మధ్యలో ఉన్నాయి. అలాంటివి రెండు కలిపితే 75 దాటిపోతాయి. ఎనిమిది దగ్గర ఆగదు, చాలా టేబుళ్లలో ఖాళీ మిగిలి ఎఫిషియెన్సీ పడిపోతుంది.

ఇంకో దారి ఉన్న ఏడు టేబుళ్లనే ఎక్కువసేపు నడపడం. 90 సెకన్ల చొప్పున 360 పంపులకు 540 నిమిషాలు, అంటే ఇప్పుడున్న 450 మీద రోజుకు గంటన్నర ఓవర్‌టైం. 100 చొప్పున అయితే 600 నిమిషాలు, రెండున్నర గంటలు. నిజం ఈ రెండిటి మధ్య ఎక్కడో ఉంటుంది, రెండు గంటలు అనుకుని లెక్క వేసుకోండి. రద్దీ నాలుగు వారాలే అయితే, ఓవర్‌టైంకు రెట్టింపు కూలి ఇచ్చినా కొత్త టేబుళ్లు, కొత్త మనుషులు, వాళ్లకు చెయ్యి తిరిగేదాకా వచ్చే లీకులు, వీటన్నిటి కన్నా అదే చవక. రద్దీ మూడు నాలుగు నెలలు నిలబడేట్టుంటే రెండో టెస్టింగ్ టేబుల్‌కు కుళాయి లాగించి, కొత్త పంపకం వేసుకోండి.